‘నడుము పట్టేసింది’ అంటే చాలదు: పరిహారం దావాలో గ్రానైట్ కార్మికుడి వాంగ్మూలం

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పదో సెక్షన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మాట ఉంది. ప్రమాదం జరిగిన తరువాత కార్మికుడు యజమానికి ఇచ్చే నోటీసులో పేరు, చిరునామా, ప్రమాదం జరిగిన తేదీ ఉండాలని, గాయానికి కారణాన్ని ‘మామూలు మాటల్లో’ చెప్పాలని ఆ సెక్షన్ అంటుంది. చట్టం కోరింది మామూలు మాటలే. ఆచరణలో కాగితం మీదికి వచ్చేది మాత్రం ఇలా ఉంటుంది: ‘పిటిషనరు ప్రతివాది ఆదేశానుసారం విధి నిర్వహణలో ఉండగా ప్రమాదవశాత్తు తీవ్ర గాయాలపాలై, శాశ్వత వైకల్యం పొంది, జీవనోపాధి కోల్పోయి అష్టకష్టాలు పడుచున్నాడు.’ ఈ వాక్యంలో ఏ పని చేస్తున్నాడో లేదు, ఏ బరువో లేదు, దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా లేదు. పేరు మార్చితే జిల్లాలో ఏ కార్మికుడికైనా అతుకుతుంది. అలా అందరికీ అతికే వాక్యం కేసులో ఎవరినీ కాపాడదు.

వేలు తెగినా, కాలు విరిగినా వాంగ్మూలం కొంత నీరసంగా ఉన్నా కేసు నడుస్తుంది. కుట్లు, ఎక్స్‌రే, రక్తం అంటిన చొక్కా చూసిన పదిమంది మాట్లాడతారు. నడుము గాయానికి ఇవేవీ ఉండవు. చర్మం మీద గీత కూడా పడదు. కార్మికుడు తనంతట తాను నడిచి ఇంటికి వెళ్ళి ఉంటాడు. అదే నొప్పి వయసు వల్లా రావచ్చు, మోటార్ సైకిలు ప్రయాణం వల్లా రావచ్చు, ఇంట్లో బిందె ఎత్తినా రావచ్చు. అందుకే నడుము కేసులో గాయపడిన మనిషి సొంత మాటే మొదటి సాక్ష్యం, చాలాసార్లు అదే ప్రధాన సాక్ష్యం. ప్రకాశం జిల్లాలో ఈ విషయానికి ప్రత్యేకమైన బరువుంది. చీమకుర్తి, రామతీర్థం క్వారీల నుంచి వచ్చే నల్ల గెలాక్సీ రాయిని కోసి మెరుగుపెట్టే యూనిట్లు చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల ఉన్నాయి. బ్లాకులను ఎత్తడానికి అక్కడ క్రేన్లున్నాయి. కోసిన ముక్కలను మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల చేతులే మోస్తున్నాయి.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుని ఆ వాంగ్మూలం ఎలా తయారవుతుందో, ఎక్కడ చెడుతుందో చూద్దాం. 35 ఏళ్ళు నిండిన కార్మికుడు, పాలిషింగ్ యూనిట్లో హెల్పర్, నెలకు 14,000 రూపాయల జీతం. ప్రమాదం 2023 జూన్ 14, బుధవారం. తేదీని కావాలనే అలా ఎంచుకున్నాం. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, అంతకు ముందు జరిగిన ప్రమాదానికి 1923 చట్టమే వర్తిస్తుంది. కోడ్‌లోనూ మూల సూత్రం మారలేదు: గాయం పనిలో ఉండగా జరగాలి, ఆ పని వల్ల జరగాలి. ఒకవేళ కార్మికుడికి ఈఎస్ఐ కార్డు ఉంటే దారే వేరు. అతను ఈఎస్ఐ నుంచే ప్రయోజనాలు తీసుకోవాలి, యజమాని మీద ఈ చట్టం కింద దావా వేయడానికి వీల్లేదు. మన ఉదాహరణలో కార్డు లేదు.

అతను మొదట చెప్పిన మాటలు ఇవి: ‘రాయి ఎత్తుతుంటే నడుము పట్టేసింది సార్. అప్పటి నుంచి లేవలేకపోతున్నాను.’

ఇందులో అబద్ధం లేదు. కాని పైన చెప్పిన రెండు షరతుల్లో మొదటిదాన్నే ఇది తీరుస్తోంది. పని వేళలో, పని స్థలంలో జరిగిందని తెలుస్తోంది. ఆ పని వల్లే జరిగిందని తెలియడం లేదు. ‘పనిలో ఉండగా’కూ ‘పని వల్ల’కూ మధ్య ఖాళీ ఉంది. యజమాని తరఫు న్యాయవాది గాని, బీమా కంపెనీ న్యాయవాది గాని నిలబడేది ఆ ఖాళీలోనే. నడుము పట్టేయడం కుర్చీలో కూర్చున్నవాడికీ జరుగుతుంది కదా అని అడుగుతారు.

ఇక్కడ మన భాష కూడా కొంత ఇబ్బంది పెడుతుంది. ‘నడుము పట్టేసింది’ అనే వాక్యంలో కర్త నడుమే. మనిషి లేడు, రాయి లేదు, బలం లేదు. నడుము తనంతట తాను పట్టేసినట్టు వినిపిస్తుంది. ‘దెబ్బ తగిలింది’, ‘కాలు జారింది’, ‘బెణికింది’ అన్నీ ఇదే కోవలోవి. ఇంట్లో చెప్పుకోవడానికి ఈ మాటలు బాగుంటాయి. పరిహారం కాగితంలో మాత్రం ఎవరు, దేన్ని, ఎలా పట్టుకుని, ఎటు తిప్పారు అన్నవి విడివిడిగా రావాలి. వాంగ్మూలం రాసుకునేవాడు ‘ఎత్తుతుంటే’ అన్న చోట ఆగి, ఆ ఒక్క మాటను అయిదారు వాక్యాలుగా విప్పాలి.

బరువు, దూరం, మెలిక

విప్పడం రాయితో మొదలుపెట్టాలి. అతను ఎత్తింది 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క. గెలాక్సీ రాయి నీటికన్నా సుమారు మూడు రెట్లు బరువు. అంటే 20 మిల్లీమీటర్ల మందంలో చదరపు అడుగుకు దాదాపు అయిదున్నర కిలోలు. 16 చదరపు అడుగులకు 88 కిలోల చుట్టూ తేలుతుంది. ఇద్దరు చెరొక కొస పట్టుకుంటే మనిషికి 44. వాంగ్మూలంలో ‘బరువైన రాయి’ అని రాస్తే అది అభిప్రాయం అవుతుంది. ‘ఎనిమిదడుగులు, రెండడుగులు, ఇరవై ఎంఎం’ అని రాస్తే అది కొలత, ఎవరైనా తూచి చూసుకోవచ్చు. కార్మికుడికి కిలోలు తెలియకపోయినా ఈ కొలతలు నోటిమీద ఉంటాయి. రోజూ వాటితోనే పని కనుక ఆ భాషలోనే చెప్పనివ్వాలి. కిలోల లెక్క న్యాయవాది వేసుకుంటాడు.

తరువాత దూరం. ముక్కను బల్ల మీద నుంచి తీసి, పక్కనున్న ఏ-ఫ్రేమ్ స్టాండుకు నిలువుగా ఆనించాలి. బల్ల మీద పడుకుని ఉన్న ముక్క కొసను అందుకోవాలంటే నడుం వంచి చేతులు ముందుకు చాపాలి. అప్పుడు బరువు నడుముకు దాదాపు 45 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. వెన్నును నిటారుగా లాగే కండరాలు మాత్రం వెన్నెముకకు వెనక సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. ఇది కిరాణా తక్కెడలాంటి లెక్కే. పొడుగు చేతి చివర 44 కిలోలు ఉంటే, పొట్టి చేతి వైపు దానికి తొమ్మిది రెట్లు, అంటే దాదాపు 400 కిలోల లాగుడు కావాలి. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. ఆ లాగుడంతా వెన్నుపూసల మధ్యనున్న డిస్కును అదిమిపెడుతుంది. అదే 44 కిలోలను పొట్టకు ఆనించి పట్టుకుంటే ఒత్తిడి ఎంతో తగ్గిపోతుంది. కనుక ‘ఎంత బరువు’ అనేది ఎంత ముఖ్యమో, ‘ఒంటికి ఎంత దూరంగా పట్టుకున్నావు’ అనేదీ అంతే ముఖ్యం. ఈ రెండో ప్రశ్న కార్మికుడిని సాధారణంగా ఎవరూ అడగరు.

ఇక మెలిక. వంగి ఉన్న నడుము బరువును నేరుగా మోసినంతసేపు కొంత ఓర్చుకుంటుంది. వంగి, అదే సమయంలో పక్కకు తిరిగితే డిస్కు చుట్టూ ఉన్న గట్టి పట్టీలాంటి పొర వెనక పక్కన చిరగవచ్చు. లోపలి మెత్తని పదార్థం బయటికి ఉబికి, పక్కనే కాలిలోకి దిగే నరాన్ని నొక్కవచ్చు. ఆ రోజు జరిగింది ఇదే అయితే, ఆ మెలిక ఎందుకు పడిందో వాంగ్మూలంలో ఉండాలి. అతను ఏడేళ్ళుగా రోజూ ఎత్తుతున్న రాయి ఆ రోజే ఎందుకు నడుము విరిచిందన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంటుంది.

కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే అతను చెప్పింది ఇలా వస్తుంది:

‘ఆ రోజు పొద్దున ఎనిమిదికి పనిలోకి దిగాను. పదకొండున్నర ప్రాంతంలో అంచులు కోసిన ముక్కలను బల్ల మీద నుంచి తీసి స్టాండుకు పెడుతున్నాం. నాకు ఎదురు కొస పట్టుకున్నది నాతో పనిచేసే ఒరిస్సా కుర్రాడు. అప్పటికి పన్నెండో పదమూడో పెట్టాం. కటింగ్ నీళ్ళు, రాతి బురద నేల మీద ఉన్నాయి. ముక్కను ఎత్తి రెండడుగులు వేశాం. నేను స్టాండు వైపు తిరుగుతున్నాను. అతని కాలు బురదలో జారి, ముక్క అతని వైపు కిందికి వాలింది. వదిలేస్తే అతని కాళ్ళ మీద పడుతుందని నేను వదల్లేదు. ఎడమ పక్కకు తిరిగి వంగిన మనిషిని అలాగే పైకి లాగాను. అప్పుడు నడుము కింది భాగంలో జివ్వుమంది. ముక్క కొస నేలకు తగిలి మూల పగిలింది.’

ఈ వాంగ్మూలంలో చివరి వాక్యం మీద ఒక్క క్షణం ఆగాలి. పగిలిన మూల మామూలుగా కార్మికుడు దాచుకునే సంగతి. నష్టం జీతంలో కోస్తారని భయం. కాని ఆ పగిలిన మూలే మొత్తం కథకు బయటి సాక్ష్యం. రాయి కింద పడినట్టు సూపర్‌వైజర్‌కు తెలుసు, ఆ ముక్క లెక్కలోంచి పోయింది లేదా చిన్న సైజుకు కోశారు. ఎక్కడో ఒక కాగితంలో దాని జాడ ఉండే అవకాశం ఉంది. మనిషి మాటను నమ్మనివాడు కూడా విరిగిన రాయిని కాదనలేడు. ‘పన్నెండో పదమూడో’ అన్న తడబాటునూ చెరిపేయకూడదు. నిజంగా పనిచేసినవాడు అలాగే గుర్తుంచుకుంటాడు. ‘సరిగ్గా 11 గంటల 32 నిమిషాలకు’ అని రాసినవాడినే అనుమానించాలి.

నొప్పికి మన దగ్గర ఉన్న మాటలు

వాంగ్మూలాల్లో అన్నిటికన్నా పేదగా ఉండేది నొప్పి గురించిన భాగం. ‘తీవ్రమైన నొప్పి’, ‘భరించలేని బాధ’ అని రాసి ముగిస్తారు. నొప్పిని విడదీసి చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు ఉండగా ఈ రెండింటితో సరిపెట్టుకోవడం అన్యాయం. సలుపు, పోటు, మంట, గుంజుడు, లాగుడు, తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండడం, మొద్దుబారడం, జివ్వుమనడం: పల్లెటూరి ముసలమ్మ కూడా వీటిలో ఒకదాని బదులు ఇంకొకటి వాడదు. నడుము గాయంలో ఈ తేడాలే వైద్యుడికి దారి చూపుతాయి. కండరం మాత్రమే బెణికితే నొప్పి నడుములోనే పట్టేసినట్టు, సలుపుగా ఉంటుంది, పడుకుంటే తగ్గుతుంది, చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది. నరం నొక్కుకుంటే నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి తీగలా దిగుతుంది. దగ్గినా తుమ్మినా జివ్వుమంటుంది. చివర తిమ్మిరో మంటో ఉంటుంది.

ఆ తీగ ఎక్కడిదాకా దిగిందో వేలితో చూపించమని అడగాలి. పిక్క బయటి పక్క నుంచి పాదం మీదుగా బొటనవేలి దాకా అయితే ఒక నరం, పిక్క వెనక నుంచి అరికాలి అంచు మీదుగా చిటికెన వేలి దాకా అయితే దాని కింది నరం. మన ఉదాహరణలో కార్మికుడు బొటనవేలిని చూపించాడు. చెప్పు తొడుక్కునేటప్పుడు ఆ వేలు పైకి లేవడం లేదని, మెట్టు ఎక్కేటప్పుడు పాదం ముందు భాగం తట్టుకుంటోందని కూడా అన్నాడు. తరువాత తీసిన ఎంఆర్ఐలో నడుము కింద నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు జారినట్టు తేలింది. బొటనవేలికి శక్తినిచ్చే నరం సాధారణంగా నొక్కుకునేది అక్కడే. కార్మికుడి వేలు చూపిన చోటు, యంత్రం చూపిన చోటు ఒకదానికొకటి సరిపోయాయి. వైద్యుడు సాక్ష్యం చెప్పడానికి వచ్చినప్పుడు ఈ పొందికకు ఉండే బలం ‘భరించలేని బాధ’కు లేదు.

ఎంఆర్ఐ రిపోర్టులోని మాటలను తెచ్చి కార్మికుడి నోట పెట్టే అలవాటు కూడా ఉంది. ‘నాకు ఎల్ నాలుగు, ఎల్ అయిదు మధ్య డిస్క్ ప్రొలాప్స్ అయినది’ అని అతని చేత సంతకం చేయిస్తారు. అడ్డ ప్రశ్నలో ‘ఎల్ అంటే ఏమిటి?’ అని అడిగితే అతను తెల్లబోతాడు. అక్కడితో మిగతా వాంగ్మూలం కూడా ఇంకెవరో రాసిచ్చిందే అనిపిస్తుంది. పూసల లెక్క డాక్టరు చెబుతాడు. కార్మికుడు తన చెప్పు గురించి చెబితే చాలు.

ఓపీ చీటీలో పడే మొదటి వాక్యం

ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది దావాను విచారించే కమిషనర్ ముందు కాదు, ఆస్పత్రి కౌంటరు దగ్గర. మొదటి ఓపీ చీటీలో ‘ఎలా జరిగింది’ అన్న చోట రాసిన అర వాక్యం రెండేళ్ళ తరువాత బయటికి వస్తుంది. కార్మికుడు నొప్పితో వంగిపోయి ఉంటే, వెంట వచ్చిన మేస్త్రీయో సూపర్‌వైజరో డాక్టరుకు సమాధానం చెబుతాడు. పని చేసే చోట ప్రమాదమంటే ఆస్పత్రి వాళ్ళు పోలీసులకు తెలియజేస్తారని భయపడి ‘ఇంట్లో జారి పడ్డాడు’ అంటాడు. ఒక్కోసారి కార్మికుడే, పని పోతుందని, అదే మాట అంటాడు. ఇంకోసారి చెడు ఉద్దేశం ఎవరికీ ఉండదు. రద్దీలో ‘నడుము నొప్పి, వారం రోజులుగా’ అని రాసేస్తారు. ఆ చీటీ మీదున్నది చదువుకోవడం రాకపోతే చదివినవాళ్ళ చేత అక్కడే చదివించుకోవాలి. తప్పుంటే అప్పుడే చెప్పాలి. డిశ్చార్జి అయిన తరువాత దిద్దించిన కాగితానికి విలువ చాలా తక్కువ.

చీటీలో ఇప్పటికే తప్పు పడి ఉంటే? దాన్ని దాచిపెట్టి వాంగ్మూలం రాయడం తెలివి తక్కువ పని, ఎందుకంటే అవతలి పక్షం ఆస్పత్రి రికార్డును తెప్పిస్తుంది. ‘నన్ను తీసుకెళ్ళిన సూపర్‌వైజర్ ఇంట్లో పడ్డాడని చెప్పాడు, ఆ సమయంలో నేను బల్ల మీద పడుకుని ఉన్నాను, నేను కాదనలేదు’ అని తానే ముందు చెప్పుకోవాలి. అడగకముందే చెప్పినది వివరణ అవుతుంది. అడిగాక చెప్పినది సాకు అవుతుంది.

ఆలస్యం గురించీ అంతే. మన కార్మికుడు ఆ రోజు పని ఆపి వెళ్ళిపోలేదు. కాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, అన్నం తిని, సాయంత్రం దాకా తేలిక పని చేశాడు. డాక్టరు దగ్గరికి మర్నాడు వెళ్ళాడు. ‘అంత పెద్ద గాయమైతే సాయంత్రం దాకా ఎలా పనిచేశాడు?’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. వైద్యపరంగా ఇందులో వింత లేదు. డిస్కు చిరిగిన క్షణంలో నడుములో మాత్రమే నొప్పి ఉండి, వాపు, మంట పెరిగే కొద్దీ కాలి నొప్పి గంటల తరువాతో మర్నాడో మొదలవడం మామూలే. కాబట్టి వాంగ్మూలంలో గడియారం నడవాలి: పదకొండున్నరకు జివ్వుమంది, మధ్యాహ్నానికి వంగలేకపోయాడు, రాత్రి పక్క మీద అటు ఇటు తిరగలేకపోయాడు, తెల్లవారి లేస్తే ఎడమ కాలు తిమ్మిరెక్కి ఉంది. మొత్తాన్ని ‘వెంటనే కుప్పకూలిపోయాను’ అని కుదించి రాస్తే హాజరు పట్టీ దాన్ని అబద్ధం చేస్తుంది. ఆ రోజు సాయంత్రం అతని వేలిముద్ర పడి ఉంటుంది.

అదే హాజరు పట్టీ ఇంకో విధంగా పనికొస్తుంది. మర్నాటి నుంచి అతను పనికి రాలేదు. ప్రమాదం వల్ల 48 గంటలు, ఆ పైన పనికి రాలేకపోతే ఫ్యాక్టరీ యాజమాన్యం తనిఖీ అధికారికి తెలపాలని అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పింది. ఆ నోటీసు పంపి ఉంటే అది కార్మికుడికి సాక్ష్యం. పంపకపోతే ఎందుకు పంపలేదన్న ప్రశ్న యజమానికి ఎదురవుతుంది.

ఇక పాత నొప్పి. నడుము కేసులో అందరూ భయపడేది దీనికే. ‘గతంలో ఎన్నడూ నడుము నొప్పి లేదు’ అన్న వాక్యం పిటిషన్లలో అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. ఏడేళ్ళు రాళ్ళు మోసిన మనిషికి ఎన్నడూ నడుము నొప్పి రాలేదంటే నమ్మేదెవరు? పైగా రెండేళ్ళ కిందట ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్న సంగతి ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. ఎంఆర్ఐలో కూడా అరుగుదల కనిపిస్తుంది. ఏ నొప్పీ లేని ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళకు తీసినా డిస్కులు కొంత ఎండినట్టు, ఉబ్బినట్టు కనిపించడం చాలా మామూలు. బీమా కంపెనీ దాన్నే పట్టుకుని ‘ఇది వయసు అరుగుదల’ అంటుంది. దీనికి జవాబు అరుగుదల లేదనడం కాదు. అప్పటికే బలహీనంగా ఉన్న నడుమును ఆ రోజు పని విరిచినా, పాత జబ్బును ఆ పని ముదిరేలా చేసినా, అది పని వల్ల కలిగిన గాయమే. చట్టం దృఢమైన నడుమున్నవాడికి మాత్రమే పరిహారం ఇస్తానని ఎక్కడా అనలేదు. కావలసింది ప్రమాదానికి ముందుకూ తరువాతకూ మధ్య తేడా చూపించడం. ముందు: పని ఎక్కువైన రోజు సాయంత్రం నడుము సలిపేది, రాత్రి పడుకుంటే పోయేది, మర్నాడు మళ్ళీ ఎత్తేవాడు. తరువాత: కాలిలోకి దిగే మంట, లేవని బొటనవేలు, పది నిమిషాలు నిలబడలేకపోవడం.

పేజీలు పేజీలు దండగయ్యే మరో చోటు యజమాని తప్పులు. ఈ చట్టం కింద యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించనక్కర లేదు. గాయం పనిలో, పని వల్ల జరిగిందని తేలితే చాలు. కార్మికుడి పొరపాటు కూడా మామూలుగా పరిహారానికి అడ్డు కాదు. తాగి ఉండడం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం లాంటివే మినహాయింపులు, అవి కూడా మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం సందర్భాల్లో వర్తించవు. ఈ సంగతి తెలియక కార్మికులు నిజం దాస్తారు. క్రేన్ వచ్చేదాకా ఆగకుండా ఎత్తామని, తొందరపడ్డామని చెబితే కేసు పోతుందనుకుంటారు. పోదు. ‘మధ్యాహ్నం లోపు లారీ లోడవ్వాలన్నారు, క్రేన్ అవతల బ్లాకు దగ్గర ఉంది, అందుకని మేమే ఎత్తాం’ అన్నది నిజమైతే, అది యజమాని పని కోసమే ఎత్తారని చెప్పే మంచి వాక్యం కూడా.

సాక్షి సంగతి చిన్నదే గాని ఇక్కడ తప్పించుకోలేనిది. అవతలి కొస పట్టుకున్న మనిషే ప్రత్యక్ష సాక్షి. గ్రానైట్ యూనిట్లలో అతను చాలాసార్లు ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవాడై ఉంటాడు. విచారణ నాటికి ఊరికి వెళ్ళిపోయి ఉంటాడు. కనుక పూర్తి పేరు, ఊరు, ఫోన్ నంబరు మొదటి వారంలోనే రాసిపెట్టుకోవాలి. గాయపడినవాడే పరాయి రాష్ట్రం వాడైతే, ప్రమాదం జరిగిన చోటనే కాక తాను నివసించే ప్రాంతపు కమిషనర్ దగ్గర కూడా దావా వేసుకునే వీలు చట్టంలో ఉంది. కాంట్రాక్టరు కింద పనిచేసినా, ఆ పని యూనిట్ యజమాని వ్యాపారంలో భాగమైతే, 12వ సెక్షన్ ప్రకారం అసలు యజమానినీ అడగవచ్చు. గడువు ప్రమాదం నాటి నుంచి రెండేళ్ళు, అంటే ఈ ఉదాహరణలో 2025 జూన్ మధ్య వరకు. నోటీసు మాత్రం వీలైనంత త్వరగా ఇవ్వాలి, రిజిస్టర్డ్ పోస్టులో పంపితే రసీదు మిగులుతుంది.

ఇప్పుడు డబ్బు. చికిత్స జరుగుతూ పనికి వెళ్ళలేని కాలానికి నెల జీతంలో 25 శాతం చొప్పున పదిహేను రోజులకోసారి చెల్లించాలి. 14,000 జీతానికి ప్రతి పక్షానికీ 3,500. అయిన వైద్య ఖర్చు దీనికి వేరే. నయమయ్యేంత నయమైన తరువాత శాశ్వతంగా మిగిలిన నష్టానికి లెక్క ఇలా ఉంటుంది. జీతంలో 60 శాతం 8,400. 35 ఏళ్ళు నిండినవాడికి చట్టంలోని నాలుగో షెడ్యూలు ఇచ్చే గుణకం 197.06. రెండూ గుణిస్తే 16,55,304 రూపాయలు. ఇది సంపాదించే శక్తి పూర్తిగా పోయినవాడికి వచ్చే మొత్తం. నడుము గాయానికి మొదటి షెడ్యూల్లో ముందే కట్టిన శాతం లేదు, వైద్యుడు అంచనా వేయాలి. ఆయన 10 శాతం అంటే 1,65,530. 30 శాతం అంటే 4,96,591. ఒక్క అంకె మీద మూడు లక్షల ముప్పై వేలకు పైగా తేడా వస్తోంది.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. చట్టం అడిగేది ఒళ్ళు ఎంత చెడింది అని కాదు, సంపాదించే శక్తి ఎంత పోయింది అని. సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో, 1968లో ఒక సినిమా హాల్లో పనిచేస్తూ కిందపడి ఎడమ చేయి పోగొట్టుకున్న వడ్రంగి గురించి ఇదే చెప్పింది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక అతని వైకల్యాన్ని సంపూర్ణ వైకల్యంగానే చూసింది. నడుము కేసులో ఈ వాదనకు అవసరమైన సరుకు కార్మికుడి వాంగ్మూలంలోనే దొరకాలి. ‘ఏ పనీ చేయలేకపోతున్నాను’ అన్న వాక్యం అందుకు పనికిరాదు. ఒక పెళ్ళి వీడియోలో అతను కుర్చీ మోస్తూ కనిపిస్తే అది కూలిపోతుంది. చేయగలిగింది చెప్పి చేయలేనిది చెప్పాలి: పాల ప్యాకెట్లు తేగలడు, 20 లీటర్ల నీళ్ళ క్యాను ఎత్తలేడు. ఒంగోలు బస్సులో కూర్చుని వెళ్ళగలడు, చీమకుర్తి దాకా నిలబడి వెళ్ళలేడు. గొంతుక్కూర్చోలేడు. పాలిషింగ్ యూనిట్లో హెల్పర్ పనంటే ఎత్తడం, వంగడం, తడి నేల మీద నడవడం, మరేమీ కాదు. అతనికి చదువు అయిదో తరగతి, కూర్చుని చేసే పని ఇచ్చేవాళ్ళు లేరు. డాక్టరు సర్టిఫికెట్ రాసే ముందు ఈ పేజీ చదివి ఉంటే ఆయన రాసే శాతానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇదంతా మొదటి మెట్టులోనే కుదరాలి. కార్మిక శాఖ అధికారే కమిషనర్ హోదాలో విచారణ జరుపుతాడు. ఆయన తీర్పు మీద హైకోర్టుకు వెళ్ళే దారి ఉంది గాని, అది గణనీయమైన న్యాయ ప్రశ్న ఉన్నప్పుడే. జరిగిందా లేదా అన్న వాస్తవాల మీద కమిషనర్‌దే చివరి మాట అని 2016లో గొల్ల రాజన్న కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. బొటనవేలి సంగతి ఇక్కడ రికార్డులోకి ఎక్కకపోతే, పై కోర్టులో దాన్ని కొత్తగా మొదలుపెట్టడం కష్టం.

అడ్డ ప్రశ్నలో బీమా న్యాయవాది పాత చీటీ ఒకటి చూపించి అడిగాడనుకుందాం.

‘ఇది 2021 నాటిది. అప్పుడే మీకు నడుము నొప్పి ఉంది కదా?’

‘ఉంది సార్. సూది వేయించుకున్నాను.’

‘అంటే ఈ నొప్పి పాతదే.’

‘నడుము సలుపు పాతదే సార్. అప్పుడు మర్నాడు పొద్దున పనికి పోయాను, హాజరు పట్టీ చూడండి. కాలి వేలు అప్పుడు పైకి లేచేది.’

ఆ తరువాత అతను చెప్పు విడిచి, ఎడమ పాదాన్ని ముందుకు చాపాడు.